తల కొయ్యని కోనాం

మా మరిది కన్నారావు మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఈ ఇంట్లో పుట్టి కూడా ఆ అబ్బాయికి తొందర రాలేదు.

ఇది మామూలు లోపం కాదు. మా ఆయన జోగులు కంచంలో అన్నం పడకముందే మజ్జిగ అడిగే మనిషి. మా అత్తగారు గురువమ్మ బస్సు ఆగకముందే దిగే మనిషి. ఆ పుణ్యాన మా దీవిలో రంగత్ బజారు మొత్తం ఆవిడ మోకాలిచిప్పల గురించి నాకంటే బాగా చెప్పగలదు. అలాంటి ఇద్దరి మధ్య పెరిగి, ఇష్టపడ్డ పిల్ల తనంతట తానే నోరు తెరిచి "నన్ను పెళ్ళి చేసుకుంటావా" అని అడిగితే, ఈ మహానుభావుడు "ఇవాళ కాదు" అని చెప్పి ఇంటికొచ్చి పడవ ఇంజను పంపు విప్పుకుని కూర్చున్నాడు.

అందుకని మా అత్తగారు అన్నం మానేసింది. కంచం బోర్లించి దాని పక్కనే చాప వేసుకుంది. మానేసింది అన్నమే. టీ, మరమరాలు, పక్కింటి మేరమ్మగారు పంపిన కేకు ముక్క ఉపవాసం కిందికి రావని ఆవిడ శాస్త్రం.

"నా కడుపున ఎలాటోడు పుట్టినాడే!" అంది గోడతో, నాకు వినబడేలా. "నెల్ల తరబడి ఆ కుట్టుమిషను కొట్టు సుట్టూ తిరిగినాడు. పిల్ల నోరిడిసి అడిగితే ఒల్లనన్నాడు. ఒల్లనోడికి తిరుగుడేల?"

"ఒల్లననలేదమ్మా," అన్నాడు కన్నారావు, కిరసనాయిలులో పంపు ముక్కలు కడుగుతూ. "ఇవాళ కాదన్నాను."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు."

అంతే. వాడి దగ్గర మాటలు పొదుపు. ఆ లోటు తీర్చడానికి దేవుడు మా ఆయనను ఇచ్చాడు.

"అరే భయ్యా," అన్నాడాయన, "వల నిండినప్పుడు లాగాలి గానీ, ఇవాళొద్దు మళ్ళీ రండి అంటామేట్రా చేపల్తో?"

"ఆమె చేప కాదన్నా."

మా ఆయన నావైపు చూశాడు, సాయానికి. నేను పప్పులో రాళ్ళు ఏరుకున్నాను. వలపు వ్యవహారాల్లో ఆయన అనుభవం నాకు తెలియనిది కాదు. భీమిలిలో బి.ఏ. చదివిన నన్ను చూడ్డానికి వచ్చి, ఒడ్డున మా నాన్న పడవలు చూసి, నన్ను ఒప్పుకున్న మనిషి.

*

ఆ పిల్ల పేరు అమ్మడు. బస్‌స్టాండు పక్క కొట్టులో మిషను కుట్టే పిల్ల. సూరయ్యగారి కూతురు. ఆ పిల్లకి రమణయ్య అని ఒక స్టీమరు ఖలాసీతో మూడేళ్ళ స్నేహం. దాచిన స్నేహం కాదు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వాడొచ్చిన ప్రతిసారీ ఇద్దరూ జెట్టీ మీద నడవడం ఊరంతా చూసిందే.

వానలు పట్టకముందు ఆ రమణయ్య, ఫీనిక్స్ బే రేవులో బస్తాలు దింపినట్టు, ఆ మూడేళ్ళనూ దింపేసి చేతులు దులుపుకున్నాడు. "మా అమ్మ ఒప్పుకోదు" అన్నాడట. తుఫానులో స్టీమరు డెక్కు మీద నిలబడగల వీరుడికి, వాళ్ళమ్మ ఒప్పుకోదని తెలుసుకోవడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ తర్వాత కొట్టుకి గిరాకీ పెరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒక్కసారిగా జాకెట్లు బిగుతైపోయాయి. కొలతలివ్వడానికని వచ్చి, ఆ పిల్ల కళ్ళు ఎంత వాచాయో కొలుచుకుని వెళ్ళేవారు.

కుర్రాళ్ళ సంగతి ఇంకా బాగుంది. బస్సులో ఖాళీ అయిన సీటు మీదికి కిటికీలోంచి తువ్వాలు విసిరేవాళ్ళను చూశారు కదా, అచ్చం ఆ జాతి. ఒకడు దువ్వెనా పౌడరూ తెచ్చాడు. ఒకడు రమణయ్య కాళ్ళు విరగ్గొట్టి వస్తానన్నాడు, సముద్రం దాటే ఖర్చు ఎవరైనా పెట్టుకుంటే. ఇంకొకడు "నీ కష్టం నాతో చెప్పుకో చెల్లీ" అన్నాడు. ఆ చెల్లీ అన్నప్పుడు వాడి చూపు ఎక్కడుందో నేను కొట్లో బెంచీ మీద కూర్చుని చూశాను.

కన్నారావు తెచ్చింది చొక్కా. గుండీ ఊడింది.

"ఎలా ఊడింది?" అంది అమ్మడు, తలెత్తకుండా.

"ఇంజన్లో పడింది."

మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకో చొక్కా. "దీనిదో?"

"అది కూడా. నా ఇంజన్ డీజిల్ తాగదు, గుండీలు తింటాది."

రమణయ్య పోయాక ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అప్పుడే. ఇక్కడే మా ఆయనైతే స్టూలు లాక్కుని కూర్చుని, ఆ హాస్యాన్నే మరో నాలుగుసార్లు వడ్డించేవాడు. కన్నారావు చొక్కా తీసుకుని బయల్దేరాడు. ఏమయ్యా అంత తొందరగా అని దారిలో అడిగితే, "నవ్వుతున్నప్పుడే వచ్చేయాల వదినా. నన్ను పంపడానికి ఆమె ఆలోచించే దాకా కూకోకూడదు" అన్నాడు.

ఒకరోజు వెళ్ళేసరికి ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుమ్మంలోనే ఆగాడు. ఏమైందని అడగలేదు. "ఇవాళ పని లేదు, ఇలాగే పోతున్నాను" అని వెళ్ళిపోయాడు. చేతిలో చొక్కా ఉంది, పాపం, మడిచి పట్టుకుని.

ఇంకొకరోజు ఆమే ఎత్తింది రమణయ్య మాట. వాడికి నిమ్మకాయ పచ్చడి అంటే ఎంత ఇష్టమో, వాడి ఓడ కూత ఎలా గుర్తుపట్టేదో. కన్నారావు విన్నాడు. అంతా అయ్యాక ఆమే అడిగింది:

"అందరూ వాణ్ణి తిడతారు. నువ్వు తిట్టవేం భయ్యా?"

"నేను తిడితే నువ్వు వాడి పక్షాన మాట్లాడాల్సొస్తాది. అంత పని నీకెందుకు?"

ఆ రోజే చెప్పాల్సిందీ చెప్పేశాడు. "ఒక మాట దాస్తే బాగోదు. నువ్వంటే నాకిష్టం. స్నేహితుణ్ణని చెప్పి లోపల ఇంకోటి పెట్టుకుని తిరగలేను. జవాబు అడగట్లేదు. రావద్దంటే రాను. గుండీలు వదిన కుడతాది."

అమ్మడు చాలాసేపు సూదిలో దారం ఎక్కించింది. "నా వల్ల కాదు భయ్యా, ఇప్పుడు. రావద్దని మాత్రం అనను," అంది.

"ఠీక్ హై," అన్నాడు.

ఈ "ఠీక్ హై" అన్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. మర్నాటినుంచి మొహం మాడ్చుకుని, నిట్టూర్చి, అవతలివాళ్ళ చేత "పాపం" అనిపించుకుని బతుకుతారు. వీడు తర్వాతి వారం వెళ్ళాడు, అదే మొహంతో, అదే ఇంజను కథతో. అయితే ఒకటి జరిగింది. ఈ దీవుల్లో ఎదురైన మగవాడల్లా భయ్యాయే కదా, ఆ పిల్ల కన్నారావును భయ్యా అనడం మానేసింది. అలాగని పేరూ పెట్టలేదు. "ఇదిగో", "ఏమంటే" అంటూ నెట్టుకొచ్చింది.

"గమనించావా?" అన్నాను.

"గమనించాను," అన్నాడు. "మర్చిపోయుంటాది వదినా. నువ్వు దాని మీద ఇల్లు కట్టీకు."

అలా నడుస్తుండగా మొన్న గురువారం బస్సులో కబురొచ్చింది. రమణయ్యకు పోర్ట్‌బ్లెయిర్లో పెళ్ళి, మెయిన్‌లాండ్ అమ్మాయితో, వచ్చే బుధవారం. అప్పుడు కొట్లో నేనున్నాను. కన్నారావూ ఉన్నాడు. అమ్మడు కత్తెర కింద పెట్టింది.

"కన్నారావూ," అంది. మొదటిసారి పేరు పెట్టి. "నన్ను పెళ్ళి చేసుకుంటావా? మంగళవారమే. వాడికంటే ఒక రోజు ముందు."

ఆ మాట కోసం మా మరిది ఎన్నాళ్ళుగా ఎదురుచూడకుండా ఎదురుచూస్తున్నాడో నాకు తెలుసు.

"ఈ మాట నన్ను అడుగుతున్నావా, వాడికి చెప్తున్నావా?" అన్నాడు మెల్లగా.

ఆ పిల్ల బల్లమీద గుడ్డ సవరించింది.

"నాకు ఇష్టమే. అందుకే ఇవాళ ఒప్పుకోను. వాడు నీకు గుర్తురాని రోజున అడుగు. అడక్కపోయినా నీ మీద కోపముండదు."

అమ్మడు వాడి చొక్కా తీసి వాడి మొహాన కొట్టింది. "పో!" అంది.

పోయాడు. అదీ జరిగింది. సాయంత్రానికి "అడిగితే కాదన్నాట్ట" అని బజారంతా నవ్వింది. బజారుకు చెప్పిందెవరో నేను చెప్పను. ఇంటికెళ్ళాక నేను ఈ సంగతి చెప్పింది ఒక్క మా ఆయనకే.

*

ఇవాళ ఉపవాసదీక్ష మధ్యలో, కూర సంగతి చూద్దామని పడవలోంచి వచ్చిన బుట్ట మూత తీశాను. వేకువన మా ఆయన వేటనుంచి తెచ్చిన పెద్ద కోనాం చేప అందులో లేదు.

"కోనాం ఏది?"

మా ఆయన ఇంటికప్పు కేసి చూశాడు. అత్తగారు మరమరాల డబ్బా మూత బిగించింది.

"నాను పంపీసినాను లే," అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి? సూరయ్య ఇంటికి. పెద్దోడే సైకిలు మీద ఎల్లి గడపలో ఎట్టొచ్చినాడు."

"తల కోసి పంపారా?"

ఆవిడ డబ్బా పక్కకు జరిపింది. రోటి దగ్గర పసుపు మరక నాకు అప్పుడు కనబడింది.

మా మామగారి తరం శ్రీకాకుళం తీరంనుంచి వలలతో పాటు ఈ దీవులకు తెచ్చుకున్న ఆచారమిది. మగపిల్లవాడి ఇంటినుంచి తల కొయ్యని కోనాం, మొప్పలకు పసుపు రాసి, ఆడపిల్ల గడపలో పెడితే అది కూరకు కాదు, సంబంధం అడగడానికి. వాళ్ళు వండుకుంటే ఒప్పుకున్నట్టు. తిప్పి పంపితే కాదన్నట్టు, ఇక ఆ రెండిళ్ళ మధ్య మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఆలోచించుకుని చెబుతామనడానికి వీల్లేదు, ఎండెక్కితే చేప ఆగదు కదా. ఓపిక లేని జనం పెళ్ళి కబురు పంపడానికి ఏరి కోరి చేపనే పట్టుకున్నారు.

కన్నారావు చేతిలో పంపు ముక్క కిందపెట్టాడు. గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. వాడు అరిస్తే బాగుండుననిపించింది.

"ఎందుకలా చేశావన్నా?"

"నీకోసమేరా! నువ్వు చెడగొట్టింది బాగుచేద్దామని..."

"వాడెవడో వదిలేసిన పిల్ల మనకేలని నాను మొదట అనుకున్నాను," అంది అత్తగారు, అదొక ఔదార్యంలా. "అయినా నీ సుకం కోసరం ఒప్పీసుకున్నాను. సాయంత్రానికి తేలిపోద్ది."

"నెలలనుంచి నేను ఆమెకి ఇచ్చింది ఒకటేనమ్మా," అన్నాడు కన్నారావు. "తేల్చక్కర్లేకుండా ఉండడం. అదే తీసీసుకున్నారు మీరు."

"అయితే పరిగెత్తెల్లి చెప్పరా, జల్దీ!" అన్నాడు మా ఆయన.

"నేనెళ్తే గడపలో చేప ఒకటీ, నేనొకణ్ణీ అవుతాం." వాడు నావైపు తిరిగాడు. "వదినా, నువ్వెళ్ళు. ఆ చేప నేను పంపలేదని చెప్పు. వండుకున్నా, పారేసినా, తిప్పి పంపినా నేను దాన్ని జవాబనుకోనని చెప్పు. ఇంకేం చెప్పకు. నన్ను పొగడకు."

చెప్పుల్లో కాలు పెట్టాను. గేటు చప్పుడైంది.

అమ్మడు. చంకన అల్యూమినియం బేసిన్. దాన్లోంచి పసుపు పూసిన తల ఒకవైపు, తోక ఒకవైపు. ఎండలో నడిచొచ్చిన మొహం.

"ఇది ఎవరు పంపినారత్తా?"

"ఎవులైతే ఏటమ్మా," అంది మా అత్తగారు తేనె పోసి. "గడపలోకొచ్చిన లచ్చిమి."

"మా అమ్మ మసాలా నూరీసింది. మా నాన్న తిప్పి పంపీమన్నాడు. పొద్దున్నుంచి ఇద్దరూ కొట్టుకుంటన్నారు. నన్నయితే ఎవులూ అడగలేదు." కన్నారావు వైపు తిరిగింది. "నువ్వు పంపినావా?"

అత్తగారు కళ్ళతో 'ఔననరా' అంటోంది. మా ఆయన పెదవులతో కూడా అంటున్నాడు.

"నేను పంపలేదు," అన్నాడు కన్నారావు. "మా ఇంటినుంచే వచ్చింది. నాకు సిగ్గుగా ఉంది. నువ్వేం చేసినా అది నాకు జవాబు కాదు. మనం గురువారం ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం."

"గురువారం నామీద బజారంతా నవ్వింది."

"తెలుసు. ఆ మాట బయటికి పోనివ్వకుండా నేను చూసుకోవలసింది."

మా ఆయనకు ఉన్నట్టుండి కాలిగోళ్ళ మీద శ్రద్ధ పుట్టింది.

అమ్మడు బేసిన్ అరుగుమీద దించింది. "చొక్కా విసిరినందుకు మొదట్లో బాధపడలేదు. ఆ మర్నాడు బాధపడ్డాను. నువ్వు ఔనన్నావనుకో. మంగళవారం పెళ్ళి. బుధవారం వాడి పెళ్ళి బాజా తల్చుకుని ఏడిసేదాన్ని. ఆ తర్వాత నీ మొహం చూసి, ఇతనెవడు నా ఇంట్లో, అనుకునేదాన్ని."

"మరింకేటి!" అత్తగారు చాపమీంచి సగం లేచింది. "ఒప్పీసుకున్నట్టే గదా! పెద్దోడా, పంతులుకి..."

"లేదత్తా."

"అమ్మా," అన్నాడు కన్నారావు. ఒక్క మాటే. ఆవిడ కూర్చుంది.

చేప మీద ఈగ వాలింది.

"దీదీ, కత్తిపీట ఇస్తావా?" అంది అమ్మడు నాతో.

ఇచ్చాను. పీట వాల్చుకుని కూర్చుని, పసుపు కడిగి, కోనాం తల ఒక్క ఊపులో దింపింది. మా ఆయన నిజంగా ఉలిక్కిపడ్డాడు. ఆ ఆచారంలో వండడమూ ఉంది, తిప్పి పంపడమూ ఉంది. కోసేయడం గురించి పెద్దలెవరికీ తట్టలేదు.

"తల లేకపోతే ఇది కూరే గదా?" అంది.

"కూరే," అన్నాన్నేను, బి.ఏ. పట్టా సాక్షిగా.

బోర్లించిన కంచం తిరగేసి, ఆ తలను అందులో పెట్టి, అత్తగారి ముందుకు జరిపింది. "ఇది మీదత్తా. కబురు మీరు పంపినారు, మీరే వండుకోండి. నడుం ముక్కలు రెండు నేను తీసుకెళ్తాను. మా అమ్మ నూరిన మసాలా పాడైపోద్ది."

తోకవైపు నాకు మిగిల్చింది. మర్యాద తెలిసిన పిల్ల.

చేతులు కడుక్కుని లేచి కన్నారావు ముందు నిలబడింది. "కొన్నాళ్ళు కొట్టుకి రాకు."

"సరే."

"ఎన్నాళ్ళని అడగవా?"

"అడగను."

"గుండీ ఊడితే?"

"వదిన కుడతాది."

ఆ పిల్ల వాడు తొడుక్కున్న చొక్కా చూసింది. రెండో గుండీ నేను కుట్టిందే, కొద్దిగా పక్కకు పోయి ఉంది. "సూశాన్లే దీదీ కుట్టు," అంది.

నవ్విందో లేదో చెప్పలేను. కన్నారావు నవ్వాడు, కొంచెం. ఆ మాట పట్టుకుని లాగలేదు. అయితే ఎప్పుడు రమ్మంటావని అడగలేదు. మా ఆయన మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు.

అమ్మడు బేసిన్ ఎత్తుకుని గేటువైపు నడిచింది.

"వెళ్ళరా! సైకిలుంది, దింపిరా!" అన్నాడు మా ఆయన.

"దారి ఆమెకి తెలుసన్నా."

"అలాగే పోనిస్తావా? మళ్ళీ రాకపోతే?"

"రాకపోతే రాదు," అన్నాడు కన్నారావు. పంపు ముక్క తీసుకున్నాడు. కడిగిందే మళ్ళీ కడుగుతున్నాడు.

గేటు దగ్గర అమ్మడు ఆగింది. గడియ తీయడానికో, మరెందుకో. వెనక్కి తిరగలేదు.

అప్పుడు మా అత్తగారు లేచింది. కంచంలో చేప తలతో సహా. నాకు తెలిసి ఆవిడ ఇంత నెమ్మదిగా లేవడం ఇదే మొదలు.

"అమ్మడూ," అంది. "నిన్నాపడానికి కాదమ్మా. ఒక మాట ఇనీసి ఎల్లు."

ఆ పిల్ల గడియ మీద చెయ్యి అలాగే ఉంచింది.

"నా గడపలోకీ తల కొయ్యని కోనామే ఒచ్చింది. మా అయ్య పొద్దెక్కకుండా వండించీసినాడు. నన్నెవులూ అడగలేదు. మీ మావ ఎలాటోడో తెలిసే సరికి నాకు ఇద్దరు కొడుకులు." ఆవిడ కంచంలోకి చూసింది, తలెత్తింది. "అంత తెలిసిన దాన్ని, నీ గడపలో అదే ఎట్టించినాను. ఆగినోణ్ణి సూసి సేతగానోడన్నాను. నిన్ను ఎవడో వదిలీసిన పిల్లన్నాను."

మా ఆయన నోరు తెరుచుకునే ఉంది. కన్నారావు చేతులు కిరసనాయిలులో ఆగిపోయాయి.

"తప్పు నాదే," అంది మా అత్తగారు, వీధికి వినబడేలా.